రిటైర్మెంట్‌కు పది రోజుల ముందు బయటపడిన గడువు: కథలో ఏది నమ్మేలా ఉంటుంది?

ప్రశ్న: ఒక చిన్న కథ రాస్తున్నాను. ఆర్డీఓ ఆఫీసులో సుజాత అనే జూనియర్ అసిస్టెంట్. పక్క సీటు సీనియర్ అసిస్టెంట్ నరసింహంగారు నెలాఖరుకు రిటైర్ అవుతున్నారు. ఆయన పాత ఫైళ్లకు సంగ్రహాలు రాస్తూ, అందరూ మరిచిపోయిన ఒక గడువును ఆమె కనిపెడుతుంది. ఏ గడువైతే ఆఫీసు వాళ్లు కూడా నమ్ముతారు? అది ఎలా మరుగున పడుతుంది, ఎలా దొరుకుతుంది?

సమాధానం:

భూసేకరణ ఫైలు పెట్టండి. ఆ సీటులో చాలాకాలం పనిచేశాను, తర్వాత ఆ సెక్షన్‌ను చూసుకున్నాను కూడా. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. ఆఫీసులో మామూలు గడువు దాటితే పై నుంచి రిమైండర్ వస్తుంది, మెమో వస్తుంది, చివరికి జవాబు వెళ్తుంది, ఫైలు బతికే ఉంటుంది. కోర్టులో అప్పీలు గడువు దాటినా ఆలస్యాన్ని మన్నించమని అడిగే దారి ఒకటుంది. భూసేకరణలో అలా కాదు. ఆ తేదీ దాటితే ఎవరూ ఏమీ రాయకుండానే, సంతకం పెట్టకుండానే నోటిఫికేషన్ దానంతటదే రద్దయిపోతుంది. మీ కథకు కావలసిన బిగువు ఈ నిశ్శబ్దంలోనే ఉంది.

చట్టం సంగతి మీ కథకు అవసరమైనంత వరకే చెబుతాను. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ముందు 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ వస్తుంది. అభ్యంతరాలు విని, పునరావాస పథకం తేల్చి, 19వ సెక్షన్ కింద డిక్లరేషన్ ఇవ్వాలి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 12 నెలల్లోపు డిక్లరేషన్ రాకపోతే ఆ నోటిఫికేషన్ రద్దయినట్టే లెక్క. 19వ సెక్షన్ ఏడో ఉపసెక్షన్ చెప్పేది ఇదే. అయితే కోర్టు స్టే వల్ల పని ఆగిపోయిన కాలాన్ని 12 నెలల్లోంచి తీసేయాలని కూడా అక్కడే ఉంది. అంటే స్టే రాగానే గడియారం ఆగుతుంది, స్టే పోగానే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మళ్లీ నడుస్తుంది. ఆగిందని ఆఫీసులో అందరికీ తెలుసు. మళ్లీ మొదలైందన్న సంగతే ఎవరి చెవిన పడదు. మీ కథ ఈ సందులో ఉంది.

తేదీలు నేను వేసి చూపిస్తాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి. ఒక పిల్లకాలువ తవ్వకానికి రెండు ఊళ్లలో 30 ఎకరాల చిల్లర భూమి. ప్రాథమిక నోటిఫికేషన్ జిల్లా గెజిట్‌లో 2022 జూన్ 15న వచ్చింది. కొందరు రైతులు హైకోర్టులో రిట్ వేశారు. ఆ నోటిఫికేషన్ మీద తదుపరి చర్యలన్నీ ఆపమంటూ 2022 డిసెంబరు 20న స్టే వచ్చింది. అప్పటికి 188 రోజులు ఖర్చయ్యాయి. 2024 ఏప్రిల్ 8న, ఉగాదికి ముందు రోజు, రిట్ కొట్టేశారు. మిగిలిన 177 రోజులు ఆ రోజు నుంచి లెక్కపెడితే 2024 అక్టోబరు 2 దగ్గర ఆగుతుంది. నరసింహంగారి రిటైర్మెంట్ ఆగస్టు 31. సుజాత ఈ సంగతి ఆగస్టు 21న కనిపెట్టిందనుకోండి. చేతిలో 42 రోజులుంటాయి. మరీ తక్కువైతే ఏమీ చేయలేరు, మరీ ఎక్కువైతే ఉత్కంఠ ఉండదు.

ఇక మరుగున ఎలా పడింది? చాలామంది కథకులు ఇక్కడ బద్ధకస్తుడైన గుమాస్తానో, లంచం తిన్నవాడినో పెడతారు. దయచేసి అలా చేయకండి. నరసింహంగారు చేసినవన్నీ పద్ధతి ప్రకారమే చేశారని చూపించండి. స్టే రాగానే ఆయన ప్రభుత్వ న్యాయవాది అయిన జీపీగారికి, రిట్‌లోని ఒక్కో పేరాకు జవాబుగా పారావైజ్ రిమార్కులు పంపారు, కౌంటర్ వేయించారు, నోట్ ఫైలులో 'కోర్టు ఉత్తర్వుల కోసం వేచి చూడవచ్చు' అని రాసి ఆర్డీఓ సంతకం తీసుకున్నారు. తర్వాత ఆ ఫైలును, నడుస్తున్న ఫైళ్లు రాసుకునే పర్సనల్ రిజిస్టర్‌లోంచి తీసి కాల్ బుక్‌లో వేశారు. కాల్ బుక్ అంటే నెలల తరబడి మనం చేయడానికి ఏమీ లేని ఫైళ్లను రాసుకునే పుస్తకం. అందులోకి వెళ్లిన ఫైలు నెలవారీ బకాయిల పట్టికలో కనబడదు. అది దాని సౌకర్యం, అదే దాని ప్రమాదం. ప్రతి ఫైలుకూ ఎదురుగా మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ రాయాలి. కోర్టు కేసుల విషయంలో ఆ గడిలో తేదీకి బదులు 'తీర్పు వచ్చాక' అని రాసేస్తారు. తీర్పు వచ్చిందని ఆ పుస్తకానికి ఎవరు చెబుతారు?

తీర్పు కాపీ 2024 ఏప్రిల్ నెలాఖరులో వచ్చిందనుకుందాం. ఆ రోజులు గుర్తు చేసుకోండి. మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల పోలింగ్. ఆర్డీఓ అంటే ఒక నియోజకవర్గానికి రిటర్నింగ్ అధికారి కూడా. ఆఫీసు మొత్తం నామినేషన్లు, ఈవీఎంలు, సిబ్బంది శిక్షణలతో ఉక్కిరిబిక్కిరి. అప్పుడు టపాలో వచ్చిన కవరును టపా చూసే గుమాస్తా విప్పి, పాత ఫైలు నంబరు దానిమీద లేదు కనుక కొత్త నంబరు వేసి సెక్షన్‌కు పంపాడు. నరసింహంగారు ఎన్నికల పని మీద ఉండటంతో వేరే సెక్షన్ నుంచి వచ్చి ఆ సీటు చూస్తున్న ఇంకొకరు 'రిట్ డిస్మిస్ అయింది, ప్రభుత్వానికి అనుకూలం, ఫైల్ చేయవచ్చు' అని రాసి మూసేశారు. ఆయన రాసింది తప్పు కాదు కూడా. ప్రభుత్వం గెలిచింది, అప్పీలు వేయక్కర్లేదు. గెలిచిన రోజే గడియారం మళ్లీ కదిలిందని ఆ కొత్త నంబరు ఫైలులో ఎక్కడా లేదు, ఎందుకంటే నోటిఫికేషన్ తేదీ ఉన్నది పాత ఫైలులో. కాగితాలన్నీ భద్రంగా ఉన్నాయి, రెండు నంబర్ల కింద. ఓడిపోయిన తీర్పు వస్తే ఆఫీసు ఉలిక్కిపడుతుంది. గెలిచిన తీర్పును పక్కన పెట్టేస్తుంది. ఇది నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

ఇప్పుడు సుజాత సంగతి. ఆమెకు ఏదో స్ఫురించి బీరువా తెరిచి ఆ ఫైలు తీసినట్టు రాయకండి. ఆమె చేసే పనిలోంచే అది బయటపడాలి. ఛార్జ్ అప్పగింత కోసం ఆఫీసు పరిపాలన చూసే ఏఓగారు ఆమెను అడిగింది ఒక్కో ఫైలుకు అరపేజీ సంగ్రహం. మామూలుగా మనుషులు నోట్ ఫైలు చివరి పేజీ చదివి సంగ్రహం రాస్తారు. సుజాత కూడా మొదట అలాగే రాస్తుంది: 'పిల్లకాలువ భూసేకరణ. కోర్టు కేసు పెండింగ్. కాల్ బుక్.' చివరి నోటు అదే చెబుతోంది కదా. అక్కడితో ఆగితే కథ లేదు. కానీ ఆమె ఒక మంచి అలవాటున్న మనిషి అనుకుందాం. ప్రతి సంగ్రహం పైన ఊరి పేరు, సర్వే నంబర్లు, కోర్టు కేసు నంబరు విడిగా రాసుకుంటుంది. మూసేసిన ఫైళ్లకూ అప్పగింత జాబితా కావాలన్నారు కనుక వాటికీ అదే పద్ధతిలో రాస్తుంది. సాయంత్రం కాగితాలు ఊళ్లవారీగా సర్దుతుంటే ఒకే రిట్ నంబరు రెండు కాగితాల మీద కనబడుతుంది. ఒకదాని మీద 'పెండింగ్', రెండోదాని మీద 'డిస్మిస్ అయింది, ఫైల్ చేయడమైనది'. రెండూ నిజం కాలేవు. ఏది పాతదో చూడటానికి ఆమె తేదీలు రాసుకోవడం మొదలుపెడుతుంది. అక్కడే పాఠకుడు కూడా ఆమెతో పాటు వేళ్లు మడిచి లెక్కపెట్టాలి.

లెక్కలో ఆమెకు రెండు గండాలు ఎదురవ్వాలి. రెండూ నిజంగా ఎదురయ్యేవే.

మొదటిది స్టే ఉత్తర్వు. ఫైలులో ఉన్న కాపీ తీసి చివరి నాలుగు లైన్లు చదివితే 'ఎనిమిది వారాల వరకు' అని ఉంటుంది. మధ్యంతర స్టేలు ఇలా వారాల లెక్కన రావడం మామూలే. ఎనిమిది వారాలు అంటే 2023 ఫిబ్రవరి 14తో సరి. ఆ తర్వాత పొడిగించకపోతే ఆగిన కాలం 56 రోజులే, గడువు 2023 ఆగస్టు 10నే దాటిపోయింది, నోటిఫికేషన్ చచ్చి ఏడాదైంది. ఈ చోట సుజాత గుండె జారిపోవాలి. పొడిగింపు ఉత్తర్వు ఫైలులో లేదు. జీపీ ఆఫీసు నుంచి వచ్చిన ఒక పాత ఉత్తరంలో మాత్రం 'మధ్యంతర ఉత్తర్వులు కొనసాగుతున్నవి' అన్న ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం మీద లెక్క కట్టకూడదు. ఆమె హైకోర్టు వెబ్‌సైట్‌లో రిట్ నంబరు కొట్టి, తేదీలవారీగా ఉన్న ఉత్తర్వులన్నీ విప్పి చూస్తుంది. 2023 ఫిబ్రవరి 10న 'తదుపరి ఉత్తర్వుల వరకు' పొడిగించిన ఒకటిన్నర లైన్ల ఉత్తర్వు దొరుకుతుంది. ఎనిమిది వారాలు ముగియడానికి నాలుగు రోజుల ముందు. మధ్యలో ఖాళీ లేదు. నన్నడిగితే మీ కథలో అన్నిటికన్నా మంచి ఘట్టం ఇదే. దీనికి ఒక పేజీ ఇచ్చినా పరవాలేదు.

రెండోది, లెక్క ఎప్పటి నుంచి మొదలుపెట్టాలన్నది. తీర్పు కాపీ మన ఆఫీసుకు చేరిన రోజు నుంచి అని నరసింహంగారో, ఏఓగారో అంటారు. అలా అయితే మూడు వారాలు కలిసొస్తాయి. ఆ ఆశ పెట్టుకోకూడదు. పాత 1894 చట్టం కింద పద్మసుందరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2002లో ఇలాంటి ఆశలన్నిటికీ తలుపు మూసింది. చట్టం స్పష్టంగా ఇవ్వని సమయాన్ని కోర్టు చేర్చదు అన్నది దాని సారం. కాబట్టి తీర్పు వెలువడిన రోజు నుంచే లెక్క. ఇటు చివర కూడా అంతే. అక్టోబరు 2 గాంధీ జయంతి, సెలవు. మర్నాటికి జరుగుతుందని వాదించేవాళ్లు ఉంటారు. సుజాత ఆ వాదనలోకి వెళ్లకుండా 'సెప్టెంబరు 30 లోపు గెజిట్‌లో రావాలి' అని రాస్తే ఆమెకు పని తెలుసని ఆఫీసు పాఠకుడు గుర్తిస్తాడు. మొదటి చివరకు కూడా అదే జాగ్రత్త: నోటిఫికేషన్ గెజిట్‌లో ఒక రోజు, పత్రికల్లో ఒక రోజు, ఊళ్లో దండోరా ఇంకో రోజు జరుగుతాయి. అన్నిటికన్నా ముందు తేదీ పట్టుకుంటే ఎవరూ తప్పు పట్టలేరు.

తర్వాత ఆమె నరసింహంగారికి చెప్పాలి. ఈ సంభాషణ ఏఓ గదిలో కాకుండా, ఇద్దరి సీట్ల మధ్యే జరగనివ్వండి.

"సార్, ఈ రెండూ ఒకటే కేసు."

ఆయన కళ్లజోడు సర్దుకుని రెండు కాగితాలూ చదువుతారు. కాల్ బుక్ తెప్పించుకుని తన రాత తానే చూసుకుంటారు.

"తీర్పు నాకు రాలేదమ్మా. నేనప్పుడు స్ట్రాంగ్ రూం డ్యూటీలో ఉన్నాను."

"తెలుసు సార్. మీ సంతకం లేదు దానిమీద."

"ఉన్నా లేకపోయినా సీటు నాది కదా తల్లీ. నోట్ పెట్టు. నువ్వు పెట్టకపోతే నేను పెడతాను."

ఆయనకు భయం ఉండాలి, అది సహజం. రిటైరయినంత మాత్రాన అన్నీ తీరిపోవు. 1980 నాటి పింఛను నియమాల్లో తొమ్మిదో నియమం ప్రకారం, నాలుగేళ్ల లోపు జరిగిన విషయం మీద రిటైరయ్యాక కూడా ప్రభుత్వ అనుమతితో శాఖాపరమైన చర్య మొదలుపెట్టవచ్చు. పింఛను కాగితాలు వెళ్లిపోయి, వీడ్కోలు సభకు శాలువా కూడా కొని ఉంచిన వారంలో ఆయన ఇది ఆలోచించకుండా ఉండరు. అయినా 'నోట్ పెట్టు' అన్నారు. ఆయన గొప్పతనం మీరు వేరే మాటల్లో చెప్పక్కర్లేదు.

నోటు ఎలా ఉంటుందో కూడా చూపించండి. ఎవరి తప్పో అందులో ఉండదు. ఒక పేజీ: గెజిట్ తేదీ, స్టే తేదీ, పొడిగింపు తేదీ, తీర్పు తేదీ, వాడిన రోజులు 188, మిగిలినవి 177, ఆఖరు తేదీ. పక్కన ఒక్కో కాగితానికి ఫ్లాగు. కింద ఏం చేయాలో మూడు ముక్కలు. ఆర్డీఓ ఆ పేజీ నిలబడి చదివి అర్థం చేసుకోగలగాలి.

ఆ 42 రోజుల్లో జరగాల్సిన వాటిలో డిక్లరేషన్ ముసాయిదా రాయడం చిన్న పని. రెండు షరతులు తీరకుండా డిక్లరేషన్ ఇవ్వడానికి లేదు. పునరావాస పథకం సారాంశం దానితో పాటే ప్రచురించాలి. భూమి కోరిన శాఖ సేకరణ ఖర్చు కింద నిర్ణయించిన సొమ్ము ముందుగా జమ చేయాలి. పథకం స్టేకు ముందే ఆమోదం పొందిందని పెట్టుకోండి, లేకపోతే 42 రోజులు చాలవు, ఆఫీసు పాఠకుడు నమ్మడు. సొమ్ము మాత్రం మిగిలి ఉండాలి. జలవనరుల శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారు 'ఆ పనికి ఈ ఏడాది బడ్జెట్ లేదు, కోర్టులో ఉంది కదా అని అడగలేదు' అంటారు. ఈ జవాబు ఎంత సహజమో ఆ శాఖతో పనిచేసినవాళ్లకు తెలుసు. అందుకే ఆర్డీఓ ఒకేసారి రెండు దారులు తొక్కుతారు. ఒకవైపు సొమ్ము కోసం కలెక్టర్ ద్వారా ఒత్తిడి. ఇంకోవైపు 12 నెలల గడువును పొడిగించమని ప్రతిపాదన. ఆ అధికారం చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది, కానీ కారణాలు రాతపూర్వకంగా ఉండాలి, ఆ నిర్ణయాన్ని ప్రకటించి వెబ్‌సైట్‌లో పెట్టాలి. 'ఎన్నికల పనిలో తీర్పు గమనించలేదు' అన్నది బలమైన కారణం కాదని ఆర్డీఓకు తెలుసు. పొడిగింపు వస్తుందని కూర్చోకూడదు.

కథను కృష్ణా జిల్లా వైపు పెడితే ఇంకో నిజమైన అడ్డంకి మీకు దొరుకుతుంది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. రెవెన్యూ సిబ్బంది పడవల్లో, పునరావాస కేంద్రాల్లో ఉన్న రోజుల్లో ఈ ఫైలు గురించి కలెక్టరేట్‌కు ఫోన్ చేయడానికి సుజాతకు నోరు రాదు. చేయకుండా ఉంటే తేదీ ఆగదు. అప్పటికి నరసింహంగారు సీటులో లేరు.

ఒక విషయంలో మాత్రం మిమ్మల్ని గట్టిగా హెచ్చరిస్తాను. 'సుజాత రైతులను కాపాడింది' అని రాయకండి. ఈ గడువు రైతుల మీద ఎలా పనిచేస్తుందో చూడండి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన నాటి నుంచి ఆ భూమిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. రెండేళ్లకు పైగా ఆ కుటుంబాలు అలా చిక్కుకుని ఉన్నాయి, పరిహారమూ రాలేదు. మార్కెట్ విలువ లెక్కగట్టేది కూడా 2022 నోటిఫికేషన్ తేదీకి. నోటిఫికేషన్ రద్దయితే భూమి వాళ్ల చేతికి స్వేచ్ఛగా వస్తుంది, మళ్లీ సేకరించాలంటే కొత్త తేదీకి కొత్త విలువ కట్టాలి. ధరలు పెరిగిన చోట అది వాళ్లకు లాభం. రిట్ వేసి ఓడిన రైతుకు ఈ సంగతి తెలిస్తే ఆ 42 రోజులు నిశ్శబ్దంగా గడిచిపోవాలనే కోరుకుంటాడు, కోరుకోవడంలో తప్పు లేదు. కాలువ చివర నీళ్ల కోసం చూస్తున్న రైతుకు మాత్రం రద్దయితే మళ్లీ అన్నేళ్లు. ఇద్దరూ ఒకే మండలంలో, బహుశా ఒకే బంధువర్గంలో ఉంటారు. సుజాత మేనమామ ఎకరన్నర ఆ 30 ఎకరాల్లో ఉంటే? ఆమె ఆ నోటు పెట్టే ముందు రాత్రి ఎలా గడిచిందో మీరు రాయగలిగితే, కథ ఆఫీసు గోడలు దాటుతుంది. నా అభిప్రాయం అడిగితే, ఆమె నోటు పెట్టాలి, సర్వే నంబర్లలో తన బంధువు భూమి ఉందన్న మాట కూడా ఆ నోటులోనే రాయాలి. గడువు దాటాలా వద్దా అన్నది తెలిసి నిర్ణయించాల్సినవాళ్లు నిర్ణయించాలి. గుమాస్తా మౌనం ఆ నిర్ణయం చేయకూడదు.

ముగింపు సంగతి. డిక్లరేషన్ సెప్టెంబరు 26న గెజిట్‌లో వచ్చిందని పెట్టండి. సొమ్ము ఎలా జమైందో రెండు వాక్యాలు చాలు. అక్కడ చప్పట్లతో కథ ఆపకండి, ఎందుకంటే పని ఆగదు. డిక్లరేషన్ ప్రచురించిన నాటి నుంచి 12 నెలల్లో, పరిహారం తేల్చే ఉత్తర్వు అయిన అవార్డు ఇవ్వాలి, లేకపోతే 25వ సెక్షన్ కింద ఈసారి మొత్తం సేకరణే రద్దవుతుంది. ఇప్పుడు ఆ సీటు సుజాతది. ఆమె రెండు ఫైళ్లనూ ఒకే నంబరు కిందకు తెచ్చి, కాల్ బుక్‌లో 'తీర్పు వచ్చాక' అన్న ఎంట్రీ కొట్టేసి, పర్సనల్ రిజిస్టర్‌లో మళ్లీ ఎక్కించి, ఎదురుగా 2025 సెప్టెంబరు 25 అని రాయాలి. దాని కింద, మూడు నెలల ముందు తేదీ ఇంకొకటి.